ఏది ఉంచాలి, దేని ధర మార్చాలి, ఏది తీసేయాలి: ఆరు ఐటమ్స్ మీద పూర్తి లెక్క

ప్రశ్న: మా మెయిన్ కోర్సులో ఆరు ఐటమ్స్ ఉన్నాయి. నాలుగు వారాల అమ్మకాలు, ఒక్కో ప్లేటు ఖర్చు రాసి పెట్టాను. ఫుడ్ కాస్ట్ శాతం ఎక్కువున్నవి తీసేయమని మా పార్ట్‌నర్ అంటున్నాడు, తక్కువ అమ్ముడయ్యేవి తీసేయాలని నాకనిపిస్తోంది. మెనూ ఇంజనీరింగ్ అంటారు కదా, ఆ పద్ధతిలో చూస్తే ఏం చేయాలి?

సమాధానం:

ఇద్దరి కొలతల్లో ఏదీ ఒంటరిగా పనికిరాదండి. మీ అంకెల ప్రకారం ఫ్రైడ్ రైస్ ధర కొంచెం పెంచవచ్చు. చికెన్, పాస్తా అలాగే ఉంచండి. మటన్ ధర తగ్గించకండి. చేప, మష్రూమ్ విషయంలో మాత్రం ఇప్పుడే నిర్ణయం వద్దు, ఎందుకంటే ఆ రెండింటి అంకెల వెనక ఇంకో లెక్క దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకో వరసగా చెప్తాను.

మీరిచ్చినవే పట్టికలో పెట్టాను. ధరలన్నీ పన్ను తీసేసినవి. పన్నుతో కలిపిన ధర వాడితే మీది కాని డబ్బు కూడా లాభంలా కనబడుతుంది. ప్లేటు మిగులు అంటే ధరలోంచి ఆ ప్లేటు ముడిసరుకు ఖర్చు తీసేస్తే మిగిలేది, అంటే కాంట్రిబ్యూషన్ మార్జిన్.

| ఐటమ్ | ధర | ఖర్చు | ప్లేటు మిగులు | అమ్మినవి | మొత్తం మిగులు |
|---|---|---|---|---|---|
| గ్రిల్డ్ చికెన్ | 300 | 120 | 180 | 270 | 48,600 |
| ఎగ్ ఫ్రైడ్ రైస్ | 180 | 60 | 120 | 310 | 37,200 |
| పాస్తా | 240 | 70 | 170 | 180 | 30,600 |
| గ్రిల్డ్ చేప | 420 | 190 | 230 | 90 | 20,700 |
| మటన్ | 460 | 220 | 240 | 80 | 19,200 |
| మష్రూమ్ | 210 | 90 | 120 | 70 | 8,400 |

మొత్తం 1,000 ప్లేట్లు, మిగులు 1,64,700. అంటే సగటున ప్లేటుకి 164.7.

ఈ పద్ధతిని 1982లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైఖేల్ కసవానా, డొనాల్డ్ స్మిత్ ప్రతిపాదించారు. ఇందులో రెండు గీతలు గీస్తారు. మొదటిది ఈ సగటు మిగులు. రెండోది అమ్మకం గీత. ఆరు ఐటమ్స్ సమానంగా అమ్ముడైతే ఒక్కోదానికి ఆరో వంతు వస్తుంది, అందులో 70 శాతం దాటితే చాలు, బాగా పోతున్నట్టే లెక్క. మీకది 117 ప్లేట్లు. ఎక్సెల్‌లో B ధర, C ఖర్చు, D మిగులు, E అమ్మినవి అనుకుంటే ఈ రెండు ఫార్ములాలు సరిపోతాయి:

```
=SUMPRODUCT(D2:D7,E2:E7)/SUM(E2:E7)
=0.7*SUM(E2:E7)/COUNT(E2:E7)
```

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది సగటు దగ్గర. ఆరు మిగుళ్లు కూడి ఆరుతో భాగిస్తే మీకు 177 వస్తుంది, పాస్తా గీత కిందికి పడిపోతుంది. ఎన్ని ప్లేట్లు అమ్ముడయ్యాయో ఆ బరువుతో తీసిందే సరైన సగటు.

ఈ గీతలతో చూస్తే చికెన్, పాస్తా రెండూ స్టార్లు: బాగా పోతున్నాయి, బాగా మిగులుస్తున్నాయి. ఫ్రైడ్ రైస్ ప్లౌహార్స్: బాగా పోతోంది, తక్కువ మిగులుస్తోంది. చేప, మటన్ పజిల్స్: మిగులు బాగుంది, అమ్మకం లేదు. మష్రూమ్‌ని డాగ్ అంటారు: రెండూ లేవు.

మీ పార్ట్‌నర్ చెప్పిన శాతం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఫుడ్ కాస్ట్ శాతంలో మటన్ 48, చేప 45. మీ మెనూలో అన్నిటికంటే ఎక్కువ అవే. కానీ ప్లేటుకి 240, 230 మిగిల్చేవి కూడా అవే. శాతం చూసి వాటిని తీసేస్తే ఆ కస్టమర్ ఫ్రైడ్ రైస్ తింటాడు. శాతం 33కి దిగుతుంది, చేతికొచ్చేది 120 అవుతుంది. అద్దె, జీతాలు కట్టేది మిగిలిన డబ్బుతోనే గానీ శాతంతో కాదు. ఫుడ్ కాస్ట్ శాతం పనికొచ్చేది వేరే చోట: ఉండాల్సిన ఖర్చుకీ నిజంగా అయిన ఖర్చుకీ తేడా వస్తే కిచెన్‌లో వృథా, దొంగతనం, కొలత తప్పడం పట్టుకోవడానికి.

ముందు రెండు కాలమ్స్ నిజం చేయండి

నాలుగు గళ్లలో ఏది ఎక్కడ పడిందన్నది ఈ పనిలో తేలికైన భాగం. ఆ గళ్లలోకి వెళ్లే అంకెలు సరిగ్గా లేకపోతే పట్టిక ఎంత నీటుగా ఉన్నా తప్పే చెప్తుంది.

ఖర్చు కాలమ్‌లో సాధారణంగా తప్పిపోయేవి మూడు. మొదటిది తరుగు. చేపని కిలోల్లో కొని, శుభ్రం చేశాక సగమే ముక్కలుగా దక్కితే, వాడిన ముక్కల కిలో ధర కొన్నదానికి రెట్టింపు. చాలామంది రెసిపీ ఖర్చులో కొన్న ధరే వేసేస్తారు. రెండోది ప్లేటుతో పాటు ఉచితంగా వెళ్లేవి: సాస్, సలాడ్, బ్రెడ్, వేయించిన నూనె. మూడోది పాత రేట్లు. ఆర్నెల్ల కిందటి బిల్లు ధరతో లెక్కేసిన మటన్ ఇవాళ 240 మిగులుస్తోందని నమ్మలేం. ప్రతి ఐటమ్‌లో ఖరీదైన రెండు మూడు దినుసుల రేటు తాజా బిల్లు నుంచి తీసుకుంటే ఈ పనికి చాలు. ఉప్పు, మిరియాల జోలికి వెళ్లక్కర్లేదు.

అమ్మకాల కాలమ్‌లో పెద్ద మోసం స్టాక్ లేని రోజులు. మీ చేపనే తీసుకోండి. 28 రోజుల్లో 90 ప్లేట్లు. కానీ తాజా చేప దొరికింది 18 రోజులే అనుకోండి, అప్పుడు దొరికిన రోజుల్లో రోజుకి 5 పోయినట్టు. అన్ని రోజులూ ఉండి ఉంటే 140. అంటే అది పజిల్ కాదు, స్టార్. దాన్ని మెనూలో పైకి జరపడం, ఫొటో పెట్టడం, ఆర్డర్ తీసుకునేవాళ్లతో చెప్పించడం ఏవీ అవసరం లేదు. చేప సరిగ్గా తెప్పించుకుంటే చాలు. లేని 10 రోజుల్లో ఆ 50 మందీ చికెన్‌కి మళ్లారనుకున్నా, ఒక్కొక్కరి దగ్గర 50 చొప్పున 2,500 మీ చేతికి రాకుండా పోయింది. బిల్లింగ్ మెషిన్ ఇది చెప్పదు. అమ్ముడైనవి చెప్తుందే గానీ, అడిగినా లేవన్నవి చెప్పదు. ఏ ఐటమ్ ఏ రోజు ఎన్నింటికి అయిపోయిందో కిచెన్ గోడ మీద ఒక కాగితంలో రాయించండి. నా లెక్కలో ఆ కాగితం ఈ పట్టికంత విలువైంది.

స్టాఫ్ భోజనాలు, ఉచితంగా ఇచ్చినవి, క్యాన్సిల్ అయిన ఆర్డర్లు అమ్మకాల్లోంచి తీసేయండి. డెలివరీ యాప్ ఆర్డర్లకి వేరే పట్టిక పెట్టండి. కమిషన్, ప్యాకింగ్ పోతే అదే ఫ్రైడ్ రైస్ మిగులు వేరేగా ఉంటుంది, రెండూ కలిపితే ఏదీ నిజం కాదు. స్టార్టర్లు, డెజర్ట్‌లు కూడా మెయిన్స్‌తో కలపకూడదు. సూప్ మిగులు ఎప్పుడూ మటన్ కంటే తక్కువే ఉంటుంది, దాన్ని బట్టి సూప్ తీసేయాలని అర్థం కాదు.

గీతలు కదులుతాయి

రెండు గీతలూ మీ మెనూ లోంచే పుట్టినవి. అందుకే ఒక ఐటమ్‌ని ముట్టుకుంటే మరోదాని గడి మారిపోతుంది. ఉదాహరణకి చికెన్ ధర 320 చేశారు, అమ్మకం తగ్గలేదు అనుకుందాం. మొత్తం మిగులు 5,400 పెరిగి 1,70,100 అవుతుంది. సగటు 170.1. పాస్తా మిగులు 170. నిన్నటి వరకు స్టార్‌గా ఉన్న పాస్తా ఒక్కసారిగా ప్లౌహార్స్ అయిపోయింది. పాస్తాలో మారింది ఏమీ లేదు, దాని నుంచి వచ్చే 30,600 అలాగే వస్తోంది.

కాబట్టి గీతకి దగ్గర్లో ఉన్న ఐటమ్ పేరు చూసి నిర్ణయం తీసుకోకండి. గీతకి అటూ ఇటూ పది శాతం లోపు ఉన్నవాటిని తేలనివిగానే ఉంచి, ఇంకో నాలుగు వారాలు చూడండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మిగుళ్లన్నీ ఒకటే అయితే తప్ప సగటు కింద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. కింద ఉన్నదాన్ని తీసేస్తే సగటు పైకి జరుగుతుంది, ఇంకోటి కిందికొస్తుంది. ఈ పట్టిక చెప్పినట్టల్లా తీసుకుంటూ పోతే చివరికి రెండు ఐటమ్స్ మిగులుతాయి. గడి పేరు ఒక ప్రశ్న అడుగుతుందంతే. జవాబు కావాలంటే, ఈ మార్పు చేస్తే కస్టమర్లు ఎటు వెళ్తారు, అప్పుడు మొత్తం మిగులు 1,64,700 కంటే పెరుగుతుందా తగ్గుతుందా అని చూడాలి. మిగతా మూడు నిర్ణయాలూ అలాగే తీసుకుందాం.

ఫ్రైడ్ రైస్: ఎంత పెంచితే ఎంతమంది పోయినా పర్లేదు

180ని 195 చేస్తే మిగులు 120 నుంచి 135 అవుతుంది. పాత మొత్తం 37,200 రావాలంటే 276 ప్లేట్లు చాలు. అంటే 34 ప్లేట్లు, 11 శాతం తగ్గినా నష్టం లేదు. దీనికి ఒక చిన్న సూత్రం ఉంది: పెంచినదాన్ని కొత్త మిగులుతో భాగిస్తే ఎంత శాతం తగ్గుదల తట్టుకోగలమో తెలుస్తుంది. ఇక్కడ 15ని 135తో భాగిస్తే 11.1 శాతం. పెంచే ముందే ఈ అంకె కాగితం మీద రాసుకోండి. లేకపోతే రెండు వారాల తర్వాత నాలుగు ప్లేట్లు తగ్గాయని కంగారుపడి ధర మళ్లీ దించేస్తారు.

ఇప్పుడు పోయినవాళ్లు ఎటు పోతారో చూడాలి. అమ్మకం 280కి దిగిందనుకుందాం. 280 ప్లేట్ల మీద 37,800 వస్తుంది. తగ్గిన 30 మందిలో 18 మంది పాస్తాకి మళ్లారు, 12 మంది మీ దగ్గరికి రావడమే మానేశారు అనుకోండి. పాస్తా మీద 3,060 అదనం. మొత్తం 40,860, అంటే పాతదాని కంటే 3,660 ఎక్కువ. మానేసిన 12 మందీ తలా ఒక డ్రింక్ కూడా తీసుకునేవాళ్లు, దాని మీద 40 మిగిలేది అనుకుంటే 480 తీసేయండి. అయినా 3,180 లాభమే. మానేసేవాళ్ల సంఖ్య ఎక్కువైతే ఈ లెక్క తిరగబడుతుంది. అందుకే ఫ్రైడ్ రైస్ ప్లేట్లతో పాటు మొత్తం వచ్చిన కస్టమర్ల సంఖ్య కూడా చూస్తుండాలి. చాలామందికి ఇలాంటి ఐటమ్ ధరే మీ హోటల్ ధర. మిగతావి ఎంతున్నాయో గుర్తుండదు, ఇది మాత్రం గుర్తుంటుంది. అందుకే ఒక్కసారిగా 220కి తీసుకెళ్లమని నేను చెప్పను.

ధర పెంచడం ఇష్టం లేకపోతే ఖర్చు వైపు నుంచి రావచ్చు. ముందు తిరిగొచ్చిన ప్లేట్లు చూడండి. ఒక యాభై ప్లేట్లలో మిగిలిన అన్నాన్ని తూకం వేయండి. 400 గ్రాములు వడ్డిస్తుంటే సగటున 60 గ్రాములు తిరిగొస్తోందంటే, 40 గ్రాములు తగ్గించినా ఎక్కువమందికి తెలియదు. సగటు కదా, కొందరు ఊడ్చినట్టు తింటారు, కొందరు సగం వదిలేస్తారు. సగానికి పైగా ప్లేట్లు ఖాళీగా వస్తుంటే సగటు ఎంతున్నా కొలత తగ్గించొద్దు. ఖర్చు 8 తగ్గినా 310 ప్లేట్ల మీద 2,480. ధర పెంచడం, కొలత తగ్గించడం రెండూ ఒకేసారి మాత్రం చేయకండి. రోజూ తినేవాడు వెంటనే పట్టేస్తాడు, అమ్మకం తగ్గితే దేనివల్ల తగ్గిందో మీకూ తెలియదు.

మటన్: ధర తగ్గిస్తే ఎందుకు నష్టం

పజిల్ అనగానే ధర తగ్గిస్తే ఎక్కువ పోతుంది కదా అనిపిస్తుంది. 460ని 430 చేసి చూద్దాం. మిగులు 210కి పడుతుంది. పాత 19,200 రావాలంటేనే 92 ప్లేట్లు పోవాలి. సరే, పోయాయనుకుందాం, 19,320 వచ్చింది. కానీ అదనంగా తిన్న ఆ 12 మంది ఎక్కడి నుంచి వచ్చారు? ధర దగ్గరపడింది కాబట్టి ఎక్కువగా చికెన్ నుంచే. 12 మందీ అక్కడివాళ్లే అయితే చికెన్ మీద 2,160 పోయింది. నికరంగా 2,040 నష్టం. పట్టికలో మాత్రం మటన్ అమ్మకం 15 శాతం పెరిగినట్టు కనబడి, మనం సంతోషిస్తాం.

పాత ధరకే చికెన్ నుంచి ఒక్కరు మటన్‌కి మారితే 60 అదనం. అందుకే ఈ ఐటమ్‌కి పని చేసేది పేరు కింద ఒక్క వాక్యం వివరణ, మెనూలో ఆ విభాగం మొదట్లో చోటు, ఆర్డర్ తీసుకునేవాళ్లు దాన్ని ఒకసారి రుచి చూసి ఉండటం. వాళ్లకే తెలియని వంటకాన్ని వాళ్లు ఎవరికీ చెప్పరు.

ఒక్క జాగ్రత్త. మీ గ్రిల్ రద్దీ వేళల్లో నిండిపోతుంటే ప్లేటు మిగులు ఒక్కటే చూస్తే సరిపోదు. మటన్ గ్రిల్ మీద 15 నిమిషాలు, చికెన్ 9 నిమిషాలు చోటు తీసుకుంటే, నిమిషానికి మటన్ 16, చికెన్ 20 తెస్తున్నాయి. ఆ రద్దీ వేళల్లో మటన్ ఎక్కువ తోస్తే వెనక చికెన్ ఆర్డర్లు ఆగిపోతాయి. గ్రిల్ ఖాళీగా ఉన్నప్పుడు ఈ లెక్కతో పనిలేదు.

మష్రూమ్: తీసేసే ముందు

దీన్ని తీసేస్తే 8,400 మొత్తం పోదు, అలాగని మొత్తం వేరేవాటికి మళ్లదు. 70 మందిలో 35 మంది ఫ్రైడ్ రైస్‌కి, 20 మంది పాస్తాకి మారి, 15 మంది పోయారనుకుందాం. 4,200, 3,400 కలిపి 7,600. అంటే డాగ్ అని పేరున్న ఐటమ్‌ని తీసేస్తే 800 నష్టం. ఇక్కడ ఆగితే ఉంచమనే చెప్పాలి.

కానీ ఖర్చు 90 అన్నది రెసిపీ ఖర్చు. మష్రూమ్స్ ఈ ఒక్క వంటకానికే తెస్తున్నారా? అయితే కొన్న బిల్లులు తీయండి. ప్లేటుకి 150 గ్రాములు చొప్పున 70 ప్లేట్లకి పదిన్నర కిలోలు సరిపోవాలి. బిల్లుల్లో పద్నాలుగున్నర కిలోలుంటే 4 కిలోలు చెత్తబుట్టలోకి వెళ్లాయి. కిలో 500 అయితే 2,000. ఇప్పుడీ ఐటమ్ నిజంగా ఇచ్చింది 6,400, ప్లేటుకి 91. తీసేస్తే 7,600 వస్తుంది కాబట్టి 1,200 లాభం. ఒక్క వృథా లెక్కతో నిర్ణయం తిరగబడింది. తక్కువగా పోయే ఐటమ్స్ విషయంలో ఈ వృథాయే అసలు ఖర్చు, అది ప్లేటు లెక్కలో ఎక్కడా కనబడదు.

దీనికి మధ్య దారి కూడా ఉంది. వారానికొకసారి కొనేది రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా కొంటే, లేదా అవే మష్రూమ్స్ పాస్తాలోనూ వాడితే, వృథా చాలావరకు ఆగుతుంది. అప్పుడు మళ్లీ 8,400కి దగ్గరగా వస్తుంది, ఉంచడమే మేలు. నేనైతే తీసేయడానికి ముందు నాలుగు వారాలు ఇది ప్రయత్నిస్తాను.

ఇంకొకటి చూడండి. మాంసం, గుడ్డు, పాలు ఏవీ లేని మెయిన్ మీ మెనూలో ఇదొక్కటేనా? అయితే దీన్ని తినే ఒక్కరు గుంపులో ఉంటే, ఎక్కడ తినాలన్నది ఆ ఒక్కరే తేలుస్తారు. నలుగురు వచ్చే టేబుల్ వారానికి ఒకటి తగ్గినా, మిగతా ముగ్గురి మీద కలిపి వారానికి సగటున 494 చొప్పున నాలుగు వారాల్లో దాదాపు 1,980 పోతుంది. తీసేసి సంపాదించాలనుకున్న 1,200 కంటే ఇది ఎక్కువ. అప్పుడు దీన్ని తీసేయడం కాదు, అదే అవసరం తీర్చేలా, కిచెన్‌లో ఎలాగూ ఉండే కూరగాయలతో చేసే ఇంకో వంటకాన్ని దీని స్థానంలో పెట్టాలి.

తీసేస్తే పని తగ్గుతుంది కదా అని లెక్కలో కలపకండి. ఎవరి షిఫ్టయినా ఒక గంట తగ్గితేనే అది డబ్బు. లేకపోతే జీతం అంతే ఉంటుంది.

తర్వాత ఏం చూడాలి

మార్పులు ఒక్కొక్కటిగా చేయండి. ముందు చేప సరఫరా, మష్రూమ్ కొనుగోలు సరిచేయండి, వీటివల్ల కస్టమర్‌కి కనిపించే తేడా ఉండదు. నాలుగు వారాల తర్వాత ఫ్రైడ్ రైస్ ధర మార్చండి. ఫలితం చూసేటప్పుడు ఆ ఐటమ్ వరసే చూడకుండా, మొత్తం మిగులుని వచ్చిన కస్టమర్ల సంఖ్యతో భాగించి, దాన్నీ కస్టమర్ల సంఖ్యనీ పక్కపక్కన పెట్టండి. తలసరి మిగులు పెరిగి జనం తగ్గకపోతే మార్పు పనిచేసినట్టు. తలసరి పెరిగినా జనం తగ్గుతుంటే, మానేసినవాళ్లు మీకు తక్కువ మిగిల్చేవాళ్లు కాబట్టి సగటు పైకి కనబడుతోందంతే. అలాంటప్పుడు మొత్తం మిగులు పాతదాని కంటే తగ్గితే ధర వెనక్కి తీసుకోండి.

పోల్చేది పూర్తి వారాలతోనే ఉండాలి, సెలవులు, పండగలు పడిన వారాల్ని మామూలు వారాలతో పోల్చవద్దు. మటన్, చేప రేట్లలో పది శాతం తేడా వచ్చినప్పుడల్లా ఖర్చు కాలమ్ మార్చి గీతలు మళ్లీ గీయండి. చేప ఏయే రోజుల్లో లేదో, నాలుగు వారాల మష్రూమ్ బిల్లుల మొత్తం బరువెంతో ఇక్కడ పెడితే ఆ రెండింటి సంగతీ కచ్చితంగా తేల్చవచ్చు.